ఇస్మత్ భాభీ పచ్చ టిక్కు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. మా ఆవిడ పుష్ప ఏమంటదంటే, "కంప్యూటర్లకన్న ఓపిక ఉంది గానీ వాటిని బాగుచేసే నీకు లేదు" అంటది. ఏం జేయాలె మరి? పొద్దున లేస్తే ఫోన్లు. "మోతీలాల్, సిస్టం లేస్తలేదు." "మోతీలాల్, ప్రింటర్ అలిగింది." అలగడానికి అదేమన్న కొత్తల్లుడా? వైరు ఊడి ఉంటది, లేకుంటే కాగితం ఇరికి ఉంటది. సంచి భుజానికి తగిలించుకొని, బండి మీద కొత్తగూడెం నుంచి తండా తండాకు తిరిగి, ఊడిన వైరు పెట్టి రావడమే నా బతుకు. తిట్టుకుంటనే పోత. తిట్టుకుంటనే వస్త.

ఇస్మత్ భాభీ ఫోన్ చేస్తే మాత్రం తిట్టుకోను. చండ్రుగొండల బస్సులు ఆగే కాడ, టీ హోటల్ పక్క షట్టర్ ఆమెది. జిరాక్సులు, ఫోటోలు, పెళ్లికార్డులు, దుకాణాల బోర్డులకు డిజైన్లు అన్నీ అక్కడనే. షాపు పెట్టింది ఆమె మొగుడు వజీర్ భాయ్. నేను ఈ పని నేర్చుకున్నది ఆయన దగ్గర్నే. మా తండా నుంచి నడుచుకుంట వచ్చి, ఆయన పక్కన స్టూలు మీద కూర్చొని, ఏది నొక్కితే ఏమైతదో చూసుకుంట నేర్చుకున్న. ఆ సంగతి అట్లుంచుదాం. నేను చెప్పదలుచుకున్నది భాభీ గురించి.

భాభీ పెళ్లై వచ్చినప్పుడు ఆమెకు కంప్యూటర్ తెల్వదు, కుట్టుమిషన్ తెలుసు. వాళ్లమ్మ భద్రాచలంల జాకెట్లు కుట్టేది. వజీర్ భాయ్ అన్నం తినిపోవడానికి ఇంటికి రాకపోతే, టిఫిన్ పట్టుకొని షాపుకు వచ్చేది. వచ్చి ఊకె కూర్చోదు గదా, ఆయన చేసిన కార్డు చూసి, "ఈ పక్క బట్ట ఎక్కువైంది, ఆ పక్క తక్కువైంది" అనేది. బట్ట అంటే ఖాళీ జాగా. "అయితే నువ్వే చెయ్యి" అని ఆయన కోపంతో కుర్చీ ఖాళీ చేసిండట. గంతే. ఆ కుర్చీల కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. కొన్నాళ్లకే ముందు సిస్టం భాభీది, వెనక గదిల సిస్టం భాయ్‌ది అయింది. గిరాకీలు గూడ "అక్క చేస్తేనే చెయ్యి, నువ్వొద్దు" అని ఆయన ముఖం మీదనే అనేటోళ్లు. ఆయన నవ్వేటోడు. "నా దుకాణంల నేను కూలోణ్ని" అనేటోడు.

పోయినేడు వానాకాలంల వజీర్ భాయ్ పోయిండు. గుండె. కొత్తగూడెం దవాఖానాకు తీసుకపోతుంటే తొవ్వలనే అయిపోయింది. భాభీ ఇద్దత్‌ల కూర్చున్నది. మొగుడు పోయిన ముసల్మాను ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటొద్దు గదా, అన్ని నెలలు షట్టర్ మూసి ఉన్నది. ఊరంతా ఇగ ఆ దుకాణం తెరవదనుకున్నది. గడువు తీరిన మర్నాడు పొద్దున్నే షట్టర్ లేపింది. ఆమె లేపిన చప్పుడుకు టీ హోటల్ల ఉన్నోళ్లందరు లేచి నిలబడ్డరని చెప్తరు.

వజీర్ భాయ్ తమ్ముడు ఆసిమ్ ఖమ్మంల ఉంటడు, ఖానాపురం హవేలిల. మంచోడు. వదిన ఒక్కతే ఉన్నదని బాధ. "పైన గది ఖాళీగ ఉంది భాభీ, వచ్చి మా దగ్గర ఉండు. ఇరమ్‌కు తోడుంటవు" అని పదే పదే అనేటోడు. ఇరమ్ ఆయన బిడ్డ, చదువుకుంటున్నది. ఆ పిల్లకు కంప్యూటర్ కావాలంటే, భాభీనే వెనక గదిల సిస్టం, దానికి తగిలిన పాత ప్రింటర్ రెండూ కార్ల పెట్టిచ్చి పంపింది. "ఊకె దుమ్ము పడుతున్నయి, పిల్లకన్న పనికొస్తయి" అన్నది. ఇందుల ఎవరి తప్పూ లేదు. అందరూ మంచే చేసిండ్రు. కష్టం వచ్చింది మాత్రం అక్కడ్నుంచే. అది నాకు మెల్లగ అర్థమైంది.

ఆ తర్వాతనే మొదలైంది. భాభీ కార్డు డిజైన్ చేస్తది, అంతా మంచిగనే ఉంటది. ప్రింట్ కొడదామని కంట్రోల్ పి నొక్కుతది. ఎన్ని కాపీలు, ఏ ప్రింటర్ అని అడిగే చిన్న డబ్బా రావాలె గదా? రాదు. డబ్బా రాదు సరే, వెనకున్న సాఫ్ట్‌వేర్ మొత్తం తెల్లగైపోతది. బాణం గుండ్రంగ తిరుగుతది. పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతది. క్లిక్ చేస్తే పలకదు, మూస్తే మూసుకోదు. ఎదురుగ గిరాకీ నిలబడి ఉంటడు. భాభీ చెమటలు తుడుచుకుంట ప్రోగ్రామ్‌ను బలవంతంగ చంపేస్తది. దాంతో పాటు సేవ్ చేయని కార్డు గూడ పాయె. మళ్లీ మొదటి నుంచి.

గిరాకీ మంచి మాట అనడు గదా. "వజీర్ భాయ్ ఉన్నప్పుడు గిట్ల లేకుండె" అన్నడొకడు. "ఆయన పోయినంక మిషన్ గూడ పోయింది" అన్నడింకొకడు. ఆ మాటలు భాభీ చెవిన పడ్డయి. ఆసిమ్ చెవినా పడ్డయి. ఆయన వచ్చి కూర్చొని నెమ్మదిగ అన్నడు: "భాభీ, సెల్‌ఫోన్లాయన ఒకాయన దుకాణం కిరాయికి అడుగుతున్నడు. శుక్రవారం నమాజ్ చదువుకొని వస్త. అప్పటికి మిషన్ సక్కగైతే నేను నోరెత్తను. కాకుంటే తాళంచెవి నాకిచ్చి, నువ్వు మాతోటి రా." భాభీ "సరే" అన్నది. ఆ 'సరే' విన్న టీ హోటల్ రామక్క నాకు ఫోన్ చేసి చెప్పింది. "మోతీ, నువ్వు రాకపోతే ఇస్మత్ పోతది. నాకు పొద్దుగాల ముచ్చట పెట్టడానికి మనిషి ఉండది" అని ఏడ్చింది. ఆమె ఏడిస్తే నాకు ఇంకింత కోపం.

మొదటిసారి పోయినప్పుడు నేను చూసింది స్పూలర్ సంగతి. స్పూలర్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం ఏం కాదు. మనం ప్రింట్ కొట్టినయన్నీ వరుసల నిలబెట్టి, ఒక్కొక్కటి మిషన్‌కు అందించే పనోడు. కంప్యూటర్ లోపలనే ఉంటడు, కనబడడు. వరుసల ఒక్క చెడ్డ కాగితం అడ్డం పడ్డదంటే వెనకున్నయన్నీ ఆగుతయి. వానితోటి మాట్లాడబోయిన ప్రోగ్రామ్ గూడ నోరెళ్లబెడుతది. చూస్తే నిజంగనే రెండు పాత పనులు వరుసల ఇరికి ఉన్నయి. స్పూలర్‌ను ఆపిన. ఫోల్డర్ల ఇరుకున్న ఫైళ్లు ఊడ్చేసిన. మళ్లీ మొదలుపెట్టిన. ప్రింటర్ల జాబితల, భాభీ సిస్టంకు తగిలి ఉన్న కొత్త లేజర్ ప్రింటర్ మీద పచ్చ టిక్కు పెట్టిన. అంటే, ఏం చెప్పకుంటే దీనికే పంపు అని. అది నా చేతి అలవాటు, ఎక్కడికి పోయినా చేస్త. కంట్రోల్ పి కొట్టిన. టక్కున డబ్బా వచ్చింది. "చూసినవా భాభీ, స్పూలర్!" అని మీసం తిప్పి, ఆమె పెట్టిన సేమియా తిని వచ్చేసిన.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "తమ్మీ, మళ్లీ గట్లనే."

రెండోసారి పోయిన. ఈసారి డ్రైవర్ అనుకున్న. ప్రతి ప్రింటర్‌కు డ్రైవర్ ఉంటది. అది మన ప్రోగ్రామ్ మాట మిషన్‌కు అర్థమయ్యేటట్టు చెప్పే దుబాసి. తమాషా ఏందంటే, ప్రింట్ డబ్బా తెరిచినప్పుడు ఈ దుబాసి వచ్చి మన ప్రోగ్రామ్ ఇంట్లనే కూర్చుంటడు. ఆయనకు మూర్ఛ వచ్చిందంటే ఇల్లంతా ఆగమైతది. అందుకే తప్పు ప్రింటర్‌ది ఐనా తెల్లబడేది సాఫ్ట్‌వేర్. సరే, కొత్త ప్రింటర్ పాత డ్రైవర్ మొత్తం పీకేసి, కొత్తది ఎక్కించిన. ఎక్కించేటప్పుడు దాన్నే డిఫాల్ట్, అంటే పచ్చ టిక్కుది, చెయ్యాల్నా అని అడిగింది, చెయ్యి అన్న. కంట్రోల్ పి. టక్కున వచ్చింది. మూడుసార్లు కొట్టి చూసిన. మూడుసార్లు వచ్చింది. "డ్రైవరే భాభీ. ఇగ నీకు తిరుగులేదు" అని చెప్పి వచ్చేసిన.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

అప్పుడు నాకు కోపం మామూలుగ రాలేదు. పుష్ప నా ముందున్న చాయ్ గ్లాసు పక్కకు జరిపింది, నేను విసిరేస్తనని. ఫోన్ల భాభీతోటి అన్న: "ఒక పని చెయ్యి. సర్వీసులు తెరువు. ప్రింట్ స్పూలర్ అని ఉంటది, ఆపు. ఆపి, ఇప్పుడు కంట్రోల్ పి కొట్టు." కొట్టింది. "జల్దీ వచ్చింది తమ్మీ! కానీ ప్రింటర్లే లేవంటున్నది." అదీ సంగతి. స్పూలర్ లేకుంటే ఎవర్నీ అడగడానికి లేదు, అందుకే ప్రోగ్రామ్ ఆగలేదు. అంటే సాఫ్ట్‌వేర్ మంచిదే. స్పూలర్ వెనక ఏదో ఒక ప్రింటర్‌ను అడిగినప్పుడే ఆగుతున్నది. "మళ్లీ స్పూలర్ స్టార్ట్ చెయ్యి భాభీ. చేసి, జాబితల చూడు, పచ్చ టిక్కు దేని మీద ఉంది?"

లైన్ కట్టయిందేమోనని "హలో హలో" అన్న.

"నువ్వే వచ్చి చూడు మోతీ" అని పెట్టేసింది.

ఆ పొద్దు వేరే తండాల పని పడ్డది, తెల్లారి శుక్రవారం. పొద్దున్నే పోయిన. నేను పోయేసరికి భాభీ షట్టర్ సగమే లేపి ఉన్నది. లోపల వెలుగు పడి కనబడుతున్నది. నేను బండి స్టాండ్ వేసి, షట్టర్ కింద వంగి చూసిన. ఊద్‌బత్తి వెలిగించింది. కీబోర్డు మీద బట్టతోటి తుడిచింది. సిస్టం ఆన్ చేసింది. తల మీద కొంగు సర్దుకున్నది. సర్దుకొని ప్రింటర్ల జాబిత తెరిచింది. అది తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది, ఆమె ఓపికగ చూసింది. నిన్న ఆపిన స్పూలర్ ఈ పొద్దు మళ్లీ లేచేసరికి, టిక్కు దానంతట అదే కొత్త లేజర్ మీదికి వచ్చి ఉన్నది. దాని కింద ఇంకో పేరు. వెలిసిపోయిన బొమ్మతోటి, 'వజీర్ ఆన్ బ్యాక్‌రూమ్' అని.

ఆ పేరు మీద కుడి క్లిక్ చేసి, డిఫాల్ట్ అన్నది. పచ్చ టిక్కు ఆ పేరు మీదికి దుమికింది. భాభీ ముఖం అప్పుడు చూడాలె మీరు. బడికి పోయే పిల్లగానికి తల దువ్వినట్టు, అంత నిమ్మళంగ ఉన్నది.

రెండుసార్లు నేను టిక్కు జరుపుడు, రెండుసార్లు ఆమె పొద్దున్నే మళ్లీ ఆడనే పెట్టుడు. నేనేమో స్పూలర్ అని, డ్రైవర్ అని మీసం తిప్పుడు. మందు పనిచేసిందనుకొని డాక్టర్ మురిసినట్టే అయింది నా పని. నాకు నామీద కోపం రావాలె, రాలేదు.

లోపలికి పోయిన. భాభీ ఉలిక్కిపడ్డది. దొంగ దొరికినట్టు చెయ్యి మౌస్ మీద నుంచి తీసింది.

"ఎన్నాళ్ల నుంచి భాభీ?" అన్న.

"ఇద్దత్ తీరి షాపు తెరిచిన రోజు నుంచి." తల వంచుకొనే చెప్పింది. "నీకు తెలుసు గదా, ఆయనకు బోణీ పిచ్చి. పొద్దున మొదటి కాగితం వెనక మిషన్లనుంచే రావాలె. నాతోటి ఎన్నిసార్లు లొల్లి పెట్టుకున్నడు. ఆయన పోయినంక కొన్నాళ్లు నేనే వెనక సిస్టం ఆన్ చేసి, ఒక కాగితం తీసి, అప్పుడు నా పని మొదలుపెట్టేదాన్ని. మిషన్ ఇరమ్‌కిచ్చినంక కాగితం రాదు గదా. పేరన్న ముందుండనీ అనుకున్న. తప్పా తమ్మీ?"

తప్పని ఎట్లంట? నేను స్టూలు గుంజుకొని కూర్చున్న. కూర్చొని కంట్రోల్ పి కొట్టిన. సాఫ్ట్‌వేర్ తెల్లబడ్డది. మామూలుగైతే నేను అంతసేపు ఆగను, పటపట నొక్కి చంపేస్త. ఈసారి చేతులు కట్టుకొని చూసిన. భాభీ రామక్క దగ్గర్నుంచి చాయ్ తెప్పిచ్చింది. చాయ్ సగం తాగేసరికి తెలుపు పోయి, డబ్బా దానంతట అదే తెరుచుకున్నది. "అరె!" అన్నది భాభీ. ఆమె ఎన్నడూ అంతసేపు ఆగలేదు, గిరాకీ ఆగనిస్తే గదా. డ్రైవర్ చచ్చిపోతే గిట్ల తిరిగి రాదు. ఇది చావలేదు, ఎదురుచూస్తున్నది.

"విను భాభీ," అన్న. నేను ఎవరికీ అంత నెమ్మదిగ చెప్పలేదు, పుష్పకు గూడ. "నువ్వు ప్రింట్ అన్నప్పుడల్లా ఈ ప్రోగ్రామ్ ముందుగాల టిక్కు ఉన్న ప్రింటర్‌ను అడుగుతది. నీ దగ్గర ఏ సైజు కాగితాలున్నయి, ఎన్ని ట్రేలున్నయి అని. మామూలు ప్రింటర్ ఐతే ఈ సిస్టంకే తగిలి ఉంటది, వెంటనే చెప్తది. ఈ ప్రింటర్ ఇక్కడిది కాదు. వెనక గదిల ఉన్న సిస్టంల ఉన్నది. అందుకని ఆ సిస్టం పేరు పెట్టి వైరు మీద పిలుస్తది. ఆ సిస్టం ఖమ్మంల ఉన్నది. ఎవరు పలుకుతరు? తాళం వేసిన ఇంటి ముందు నిలబడి తలుపు కొట్టినట్టు కొడుతనే ఉంటది. జవాబు వచ్చేదాక వేరే ఏ పనీ ముట్టదు. అందుకే స్క్రీన్ తెల్లబడేది. కొట్టి కొట్టి విసుగొచ్చినంక తిరిగొస్తది."

భాభీ స్క్రీన్ దిక్కే చూసింది. "అంటే అది పొద్దస్తమానం ఆయన్ని పిలుస్తున్నదా?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టిన.

అప్పుడే సోమ్లా వచ్చిండు, మా తండా పక్క తండా ఆయన. బిడ్డ హేమ్లి పెళ్లి. కార్డులు ఆ పొద్దే కావాలె. మొదటి కార్డు సేవాలాల్ గుడిల పెట్టి, సాయంత్రం బస్సుకు చుట్టాల దిక్కు పోవాలె. నిన్ననే రావాల్సిన కార్డులు తెల్లబడి ఆగిపోయినయి. "అక్కా, ఈ రోజన్న అయితదా, లేకుంటే కొత్తగూడెం పోవాల్నా?" అని గడపల నిలబడ్డడు. కోపంగ లేడు పాపం, భయంగ ఉన్నడు. భాభీ ఆయనకు కుర్చీ చూపిచ్చింది.

"టిక్కు ఒక్కటి మారిస్తే చాలు గదా తమ్మీ?" అని నన్ను అడిగింది.

"ఈ రోజుకు చాలు. రేపు పొద్దున నీ చెయ్యి మళ్లీ ఊరుకోదు. అదీగాక పేరు జాబితల ఉన్నంతసేపు ఏదో ఒక ప్రోగ్రామ్ జాబిత మొత్తం తడుముతది, అప్పుడు గూడ ఆగుతది. మొత్తానికి తీసెయ్యాలె." ఆ మాట అన్నంక ఆమె ముఖం చూసి నా నాలుక కరుచుకున్న. జల్దీగ ఇంకో మాట అన్న: "ఒక పని చేద్దాం భాభీ. పేరే గదా. కొత్త లేజర్ పేరు మార్చేద్దాం. దానికే వజీర్ అని పెడుత. ఒక్క నిమిషం పని. టిక్కు ఆ పేరు మీదనే ఉంటది, పనీ ఆగదు."

నాకు నా తెలివి మీద ముద్దొచ్చింది, అబద్ధమెందుకు. భాభీ సంతోషపడుతదనుకున్న. ఆమె లేజర్ ప్రింటర్ దిక్కు తిరిగి చూసింది. సోమ్లా గూడ అటే చూసిండు, ఏం జరుగుతున్నదో తెల్వకున్నా.

"వద్దు తమ్మీ" అన్నది. "ఆయన ఉన్నన్నాళ్లు ఎన్నడన్న పనికి అడ్డం పడ్డడా? గిరాకీ నిలబడితే అన్నం మధ్యల లేచి వచ్చేటోడు. ఇప్పుడు నేను ఆయన పేరు పెట్టి గిరాకీల్ని నిలబెడుతున్న. ఆయనే ఉంటే నన్ను ఎంత తిట్టేటోడో. వేరేదానికి ఆయన పేరు ఎందుకు? ఆయన ఆయనే. ఇది ప్రింటర్."

"నేను తీయన్నా?"

"నేనే తీస్త."

జాబిత తెరిచింది. ముందు టిక్కు కొత్తదాని మీద పెట్టింది. తర్వాత ఆ వెలిసిన బొమ్మ మీద కుడి క్లిక్ చేసి, తీసెయ్యి అన్నది. నిజంగ తీసెయ్యాల్నా అని కంప్యూటర్ అడిగింది. భాభీ పెదవులు కదిలినయి, ఏం చదువుకున్నదో నాకు తెల్వదు. అవును నొక్కింది.

నొక్కితే పోవాలె గదా? పోలే! కిటికీ తెల్లబడ్డది. బాణం తిరుగుడే తిరుగుడు. తీసేసే ముందు గూడ ఆ లేని సిస్టంకు ఒక మాట చెప్పి రావాలనుకుంటది, అదీ దాని బుద్ధి. నేను చెప్పబోయే లోపలనే భాభీ నవ్వింది. ఏడుస్తనే నవ్వింది.

"చూడు మోతీ, పొమ్మంటే పోతలేడు!"

నాకు దుఃఖం ఆగలే. నేను సంచిల స్క్రూడ్రైవర్ వెతికినట్టు చేసిన. సోమ్లా భుజం మీది కండువతోటి కళ్లు తుడుచుకున్నడు. ఆయనకేం తెలుసని ఏడ్చిండో గానీ, బిడ్డ పెళ్లి పెట్టుకున్న తండ్రికి కండ్లల్ల నీళ్లు రెడీగనే ఉంటయి. భాభీ మౌస్ మీద చెయ్యి తీయలేదు. ఆ బాణం తిరిగినంతసేపు తిరగనిచ్చినం. జీవితంల మొదటిసారి ఒక కంప్యూటర్ జల్దీ కావొద్దని నేను అనుకున్న.

తెలుపు పోయింది. జాబిత మళ్లీ కనబడ్డది. ఆ పేరు లేదు.

భాభీ కొంగుతోటి ముఖం గట్టిగ తుడుచుకొని, కుర్చీ ముందుకు జరుపుకున్నది. హేమ్లి కార్డు తెరిచింది. ఈసారి ముందుగాల సేవ్ చేసింది, అది నేను చూసిన. కంట్రోల్ పి కొట్టింది. వేలు తీసేలోపలనే డబ్బా వచ్చింది. ట్రేల కార్డులు పెట్టి ఓకే కొట్టింది. కొత్త మిషన్ గుర్రుమన్నది, మొదటి కార్డు వేడివేడిగ బయటికి వచ్చింది. భాభీ దాన్ని తీసి, పెళ్లికూతురు పేరు మీద వేలు పెట్టి, నాలుగు పక్కల జాగా చూసింది. "బట్ట సమంగ పడ్డది" అని సోమ్లా చేతికిచ్చింది. ఆయన ఆ కార్డును రెండు చేతులతోటి పట్టుకొని తల మీద పెట్టుకున్నడు.

కార్డులు పడుతనే ఉన్నయి. నమాజ్ ఐనంక ఆసిమ్ వచ్చిండు, తల మీద టోపీ ఇంకా ఉన్నది. కారు దిగి గడపల నిలబడ్డడు. ప్రింటర్ చప్పుడు విన్నడు. సోమ్లా కట్టలు కట్టుడు చూసిండు. నన్ను చూసిండు. నేను తల పక్కకు తిప్పుకున్న. నా కండ్లు చూస్తే పట్టేస్తడు గదా.

"భాభీ..." అన్నడు.

"రా ఆసిమ్. తాళంచెవి నా దగ్గర్నే ఉంటది" అన్నది భాభీ, తల ఎత్తకుండనే. "పండక్కి వచ్చి ఇరమ్ దగ్గర ఉంట, మంచిగ వండి పెట్టమను. ఇప్పుడైతే ఆ కవర్లు ఇటు ఇయ్యి, సోమ్లా అన్న బస్సు పోతది."

ఆసిమ్ ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి. టోపీ తీసి జేబుల పెట్టుకొని, నేల మీద చాప మీద కూర్చొని కార్డులు కవర్లల పెట్టుడు మొదలుపెట్టిండు. కాసేపటికి, "మా ఇంట్లో ఆ గది నీదే భాభీ, ఎప్పుడైనా" అన్నడు. "నాకు తెల్వదా" అన్నది ఆమె.

నేను సంచి సర్దుకున్న. సర్దుకుంటుంటే షాపు ఫోన్ మోగింది. భాభీ స్పీకర్ల పెట్టింది, చేతులు ఖాళీ లేవు. ఏదో దూరం తండా మనిషి, పెద్ద గొంతు. "హలో, వజీర్ భాయ్ ఉన్నడా?"

ఆ ప్రశ్న నేను ఆ షాపుల చాలాసార్లు విన్న. భాయ్ పోయినప్పటి నుంచి ఆ ఫోన్‌కు కొత్త మనిషి ఎవరు చేసినా, భాభీ ఒక్కటే చెప్పేది: "బయటకి పోయిండు, నాకు చెప్పండి" అని. ఒక్కసారి గూడ వేరే మాట ఆమె నోటి నుంచి రాలేదు. నేను గూడ ఎన్నడూ ఏం అనలేదు. ఇప్పుడు ఆసిమ్ చేతుల కవరు ఆగింది. నా చెయ్యి సంచి జిప్పు మీద ఆగింది.

"లేడన్న" అన్నది భాభీ. "ఆయన లేడు. నేను ఇస్మత్‌ను. నేనున్న. ఏం కావాలె చెప్పు."

అవతల మనిషి తన కొడుకు పుట్టెంట్రుకల కార్డు గురించి చెప్పుడు మొదలుపెట్టిండు. భాభీ వినుకుంట, ఆ, ఆ అనుకుంట, ట్రేల ఇంకో కట్ట కార్డులు పెట్టింది.